రతనం పక్కన ఒక 'తే'

మొన్న ఎండాకాలంలో భాభీ ఫోన్ చేసింది. నా మరహూం దోస్త్ బీవీ. "భాయ్, ట్రంకు పెట్టెలో ఆయన డిగ్రీ కాపీలు దొరికినాయి. బేటీ తెలుగే తీసుకుంది కదా, చదువుకుంటానంటోంది. కానీ ఒక్క ముక్క అర్థం కావట్లేదంట. మీరొకసారి చూస్తారా?" అంది.

అర్థం కాకపోవడంలో ఆ పిల్ల తప్పేం లేదు. నేనూ, వాడూ కర్నూల్లో పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, ఇంటర్ ఏదోలా గట్టెక్కి, 1998లో డిగ్రీలో తెలుగు తీసుకున్నవాళ్లం. క్లాసులో సార్ తెలుగులో చెప్తుంటే మా చేతులు మాత్రం ఉర్దూ రాసేవి. తెలుగు అక్షరం కూడబలుక్కుని రాసేలోపు సార్ రెండు పద్యాలు దాటిపోయేవారు. అందుకని తెలుగు మాటల్నే ఉర్దూ లిపిలో, కుడి నుంచి ఎడమకి, సగం సగం కోసేసి రాసుకునేవాళ్లం. ఇంటికెళ్లి సాఫ్ కాపీ చేసుకుందామనుకునేవాళ్లం. నేను అప్పుడప్పుడైనా చేసేవాణ్ని, వాడు ఎప్పుడూ చెయ్యలేదు.

వాడు 2021లో పోయాడు. ఇప్పుడు అడగడానికి మనిషి లేడు. కాపీ మాత్రం ఉంది. రెండు వందల పేజీల లాంగ్ బుక్, నీలం రీఫిల్, అక్కడక్కడా నల్ల రీఫిల్.

నేను ఉబలాటంగా ఒప్పుకున్నాను. వాడి ఖత్ నాకు తెలుసు, సబ్జెక్టూ తెలుసు, ఇంకేం కావాలి అనుకున్నాను. రోజుకి నాలుగు పేజీలు తెలుగులో టైప్ చేసి వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టాను. పొట్టి అక్షరం కనపడితే పూర్తి మాట చేసేశాను. వాడు 'తే' అని రాస్తే నేను 'తత్సమం' అని కొట్టాను. 'మీమ్' ఉంటే సందర్భాన్ని బట్టి నాకు తోచింది పెట్టాను. ఎక్కడ వాడి అక్షరం ఆగి నా అందాజా మొదలైందో చూసేవాళ్లకి తెలిసే వీలు లేకుండా, నున్నగా.

రెండు వారాల తర్వాత ఆ పిల్ల ఫోన్ చేసింది. గొంతు బాలేదు. "చాచా, అబ్బా నోట్స్‌లో తప్పులున్నాయంట" అంది. క్లాసులో తత్సమ తద్భవాలు చెప్తుంటే, నేను పంపిన పేజీ చూసి "రతనం తత్సమం" అని లేచి చెప్పిందట. మేడమ్ నవ్వి, "రతనం తద్భవం కదమ్మా. సంస్కృతం నుంచి అలాగే వచ్చింది రత్నం, అది తత్సమం. మీ నాన్నగారు పొరపాటున రాసుకున్నట్టున్నారు" అన్నారట.

ఆ రాత్రి కాపీలో ఆ పేజీ తీసి చూశాను. వాడు రాసింది నాలుగు అక్షరాలు: రే, తే, నూన్, మీమ్. దాని పక్కన విడిగా ఒక 'తే'. అంతే.

ఉర్దూ చదివినవాళ్లకి ఇక్కడ విషయం వెంటనే తెలుస్తుంది. తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఉర్దూ రాతలో పొట్టి అచ్చులు మామూలుగా రాయరు. జబర్, జేర్, పేష్ పెడితే తప్ప తెలియదు, క్లాసులో పరిగెత్తి రాసే కుర్రాడు వాటిని పెట్టడు. కాబట్టి 'రత్నం' రాసినా ఆ నాలుగు అక్షరాలే, 'రతనం' రాసినా ఆ నాలుగు అక్షరాలే. రెండూ ఒక్కలాగే కనపడతాయి. పక్కనున్న 'తే' సంగతీ అంతే. తత్సమానికీ తే, తద్భవానికీ తే. 'రత్నం, తత్సమం' అని చదివినా సరిగ్గా కుదురుతుంది, 'రతనం, తద్భవం' అని చదివినా సరిగ్గా కుదురుతుంది. వాడు ఆ రెండింటిలో ఏది రాసినా తప్పు రాయలేదు. నేను చేసిందేమిటంటే, ఉర్దూలో రతన్ అనే లఫ్జ్ అలవాటు కాబట్టి మాటని 'రతనం' అని చదివాను, పేజీ పైన తత్సమం అనే హెడ్డింగ్ ఉంది కాబట్టి 'తే'ని 'తత్సమం' అన్నాను. రెండు అందాజాలు విడివిడిగా బాగానే ఉన్నాయి. కలిపితే వాడు ఎప్పుడూ రాయని తప్పు ఒకటి పుట్టింది. అది వాడి పేరు మీద వాడి కూతురి క్లాసులో చదవబడింది.

పొద్దున్నే ఫోన్ చేసి, "తప్పు మీ అబ్బాది కాదు బేటీ, నాది" అని చెప్పాను. పంపినవన్నీ పక్కన పెట్టెయ్యమన్నాను. మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను.

ఈసారి పద్ధతి మార్చాను. పత్రికలో పనిచేసేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. ఎవరైనా అన్న మాటలో మనం ఒక పదం చేర్చాల్సి వస్తే చదరపు బ్రాకెట్లో పెడతాం, అది ఆయన అనలేదని చదివేవాళ్లకి తెలియాలని. ఇరవై ఏళ్లుగా మంత్రుల మాటలకి పాటించిన ఆ మర్యాద నా దోస్త్ కాపీకి పాటించలేదు నేను. ఇప్పుడు వాడి పొట్టి అక్షరాన్ని అలాగే ఉంచి, నా విడదీత పక్కన బ్రాకెట్లో పెట్టాను. రుజువు ఉంటే ఉత్త బ్రాకెట్, అనుమానం ఉంటే లోపల ప్రశ్న గుర్తు, రెండు అర్థాలకీ సమానంగా వీలుంటే రెండూ. ఏమీ తెలియకపోతే అక్షరం ఒక్కటే, బ్రాకెట్ లేకుండా. ఆ రతనం దగ్గర ఇప్పుడిలా ఉంది: ర-త-న-మ్ [రత్నం? రతనం?] తే [తత్సమం? తద్భవం?]. చూడ్డానికి అందంగా లేదు. కాపీలో ఉన్నది మాత్రం అంతే.

దాని కింద నాలుగు లైన్ల తర్వాత ఒక తమాషా ఉంది. రే, అలిఫ్, తే, రే, యే అని ఒక మాట, తర్వాత బాణం గుర్తు, తర్వాత మళ్లీ అవే అక్షరాలతో అదే మాట. ఆ పిల్ల ఉర్దూ కూడబలుక్కుని చదవగలదు. "అబ్బా ఒకే మాట రెండుసార్లు రాశాడేంటి, నిద్రలో రాశాడా?" అని నవ్వింది. నిద్రలో కాదు. మొదటిది రాత్రి, రెండోది రాతిరి. ఉర్దూ లిపిలో రెండూ ఒకటే కాబట్టి అలా కనపడుతోంది. బాణం గుర్తు ఉంది కాబట్టి అది మూలం నుంచి మారిన రూపానికి పోయే జంట అని తెలుస్తుంది. పైగా అక్కడ 'తే' ఒక్కటే కాదు, మొదటిదాని కింద తే-సీన్, రెండోదాని కింద తే-దాల్ అని రెండేసి అక్షరాలున్నాయి. అంటే వాడికి గుర్తున్నప్పుడు తేడా చూపించాడు, తొందరలో ఉత్త తే పెట్టాడు. రాత్రి జంటని నేను ప్రశ్న గుర్తు లేకుండా విడదీశాను. రత్నానికి ఆ గవాహీ లేదు. అది అలాగే ఉంది.

తర్వాత 'మీమ్' పని పట్టాను. ఛందస్సు పాఠాల్లో ఆ ఒక్క అక్షరం విడిగా 31 చోట్ల ఉంది. మొదటిసారి నేను ఏ పేజీకి ఆ పేజీ చూసుకుని అర్థం పెట్టాను. అదే గలత్ అయింది. ఈసారి అర్థం జోలికి పోకుండా, 31 చోట్లనీ ఒక కాగితం మీద ఎత్తి రాశాను. పేజీ, లైను, ముందు ఏముంది, తర్వాత ఏముంది. అలా పక్కపక్కన పెట్టేసరికి అవే గుంపులయ్యాయి. పదిహేడు చోట్ల మీమ్ ముందు అంకె ఉంది, ఎక్కువగా నాలుగు. '4 మీమ్'. ఒక చోట వాడు పూర్తిగా '4 మిస్రా' అని రాశాడు. పద్యపాదాన్ని మేం మిస్రా అనే అనుకునేవాళ్లం, మాకు తెలిసిన లెక్క అదే. తొమ్మిది చోట్ల మీమ్ మిగతా గణాల అక్షరాల వరసలో ఉంది, అది మ-గణం. మూడు చోట్ల పద్యం మొదట్లో, అచ్చు పుస్తకాల్లో ఉత్పలమాలకి 'ఉ.', మత్తేభానికి 'మ.' అని పెట్టినట్టు, ఒంటరిగా ఉంది. వాటి మొదటి రెండు మూడు మాటలు పట్టుకుని పుస్తకంలో పద్యం వెతికి, పాదానికి ఇరవై అక్షరాలు, మొదటి గణం స-గణం అని లెక్క చూసుకున్నాకే మత్తేభం అన్నాను.

మిగిలినవి రెండు. ఒకటి 'మీమ్ 14'. అంకె ఉంది కదా అని దాన్ని నేను మిస్రాల గుంపులోకి తోసెయ్యబోయాను. కానీ వృత్తానికి పద్నాలుగు పాదాలు ఎక్కడివి? పైగా ఆ పదిహేడింట్లోనూ అంకె ముందుంది, ఇక్కడ తర్వాత ఉంది. దాని పై లైను చూస్తే 'షీన్ 13' అని ఉంది. శార్దూలానికి యతి పదమూడో అక్షరం, మత్తేభానికి పద్నాలుగో అక్షరం. అది మత్తేభం యతి స్థానం. రెండో మీమ్ ఒక పేజీ మూలన ఒంటరిగా ఉంది. ముందూ వెనకా ఏమీ లేదు. దానికి నేనేమీ రాయలేదు.

ఛందస్సు పేజీల్లో ఇంకో చిక్కు ఉంది, అది మాలాంటి వాళ్లకే వస్తుంది. గురువుకి U, లఘువుకి | అని గుర్తులు వేస్తాం కదా. ఉర్దూలో అలిఫ్ కూడా నిలువు గీతే, ఒకటి అంకె కూడా నిలువు గీతే. అది లిపి చిక్కు, అక్షరాల పైన ఉందా మధ్యలో ఉందా అని చూస్తే చాలావరకు తేలిపోతుంది. అసలు చిక్కు దిశది. ఉర్దూ కుడి నుంచి ఎడమకి పోతుంది, సార్ బోర్డు మీద గురులఘువులు ఎడమ నుంచి కుడికి వేసేవారు. మరి వీడు ఎటు నుంచి వేశాడు? U || అని ఉంటే ఎడమ నుంచి చదివితే భ-గణం, కుడి నుంచి చదివితే స-గణం. య-గణం, త-గణం కూడా అలాగే ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు. మ, న, జ, ర గణాలకి ఎటు చదివినా బాధ లేదు. కాబట్టి దిశ తప్పుగా పట్టుకుంటే సగం గణాలు సరిగ్గానే వస్తాయి, సగం తారుమారవుతాయి. పూర్తిగా తప్పయితే తొందరగా తెలిసిపోతుంది. సగం తప్పు చాలాసేపు దాక్కుంటుంది.

దీనికి తాళంచెవి వాడి కాపీలోనే దొరికింది. ఉత్పలమాల అని పూర్తిగా పేరు రాసిన చోట ఒక పాదం గుర్తులున్నాయి. నేను కాగితం మీద ఎడమ నుంచి ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తే ఇలా వచ్చింది:

```
U|  U|U  ||U  ||U  |||  U|U  ||U
```

ఉత్పలమాలకి భ, ర, న, భ, భ, ర, వ గణాలు. ఇరవై అక్షరాలు కాబట్టి ఆరు మూడక్షరాల గణాలు పోగా చివర రెండక్షరాలే మిగులుతాయి, లఘువూ గురువూ, అదే వ-గణం. ఆ రెండక్షరాల తోక ఏ వైపు ఉంటే పాదం ఆ వైపు ముగిసినట్టు. ఇక్కడ తోక ఎడమ చివర ఉంది. అంటే వాడు కుడి నుంచి మొదలుపెట్టాడు. కుడి నుంచి చదివితే U||, U|U, |||, అలా భ, ర, న అని సాఫ్‌గా వస్తోంది. శార్దూలానికైతే చివర ఒక్క గురువే మిగులుతుంది, దాంతోనూ ఇలాగే పట్టుకోవచ్చు. చంపకమాలకి ఇరవై ఒకటి కాబట్టి తోక ఉండదు. అప్పుడు మొదట వచ్చే మూడు లఘువులు ఎటువైపు ఉన్నాయో చూడాలి.

అలా ప్రతి పేజీకీ చూసుకుంటూ పోతే, కాపీలో సుమారు సగం దాటాక తోక కుడివైపుకి మారింది. అక్కడి నుంచి వాడు సార్ లాగా ఎడమ నుంచి వెయ్యడం అలవాటు చేసుకున్నాడన్నమాట. ఒక మనిషి గుర్తులు కాపీ అంతా ఒకేలా ఉంటాయనుకోవడం కూడా అందాజానే. మధ్యలో రెండు పేజీల్లో ఉత్త గణాల ఉదాహరణలే ఉన్నాయి, వృత్తం పేరు లేదు, తోక లేదు. అక్కడ దిశ ఎటో చెప్పలేకపోయాను. ఉదాహరణ మాటలు ఉర్దూ లిపిలో ఉండి హ్రస్వమా దీర్ఘమా పూర్తిగా తెలియక అవీ సాయపడలేదు. ఆ రెండు పేజీలకి గుర్తులు ఉన్నవి ఉన్నట్టు వేసి, పక్కన 'దిశ తెలియదు' అని రాశాను.

కొన్ని గుర్తులకి నాకు తెలిసిందే చాలలేదు. హాషియాలో వాడు చిన్న చిన్న ఇబారత్‌లు రాసి చివర '12' అని పెట్టేవాడు. పన్నెండో పేజీ, పన్నెండో పద్యం, పన్నెండో తారీఖు అనుకుంటూ చాలా తిరిగాను. ఏదీ కుదరలేదు, ఎందుకంటే అన్నిచోట్లా పన్నెండే. పదమూడు ఒక్కచోటా లేదు. చివరికి మా మొహల్లాలో కితాబత్ చేసిన ఒక పెద్దాయన్ని అడిగాను. "హాషియా అయిపోయిందని గుర్తు మియా. హద్ అని. హే కి ఎనిమిది, దాల్ కి నాలుగు, కూడితే పన్నెండు" అన్నారు. అబ్జద్ లెక్క. పాత ఉర్దూ, ఫార్సీ కితాబుల హాషియాల్లో ఉంటుందట. నా దోస్త్ వాలిద్ సాబ్ కాతిబ్. ఇంట్లో చూసిన అలవాటు క్లాసు నోట్సులోకి వచ్చింది. ఆయనే ఇంకో మాట చెప్పారు. హాషియాలో స్వాద్ పక్కన అంకె ఉంటే సఫా, అంకె లేకుండా పద్యం పక్కన ఉంటే సహీ, అంటే సరిచూసుకున్నానని. కాపీతో పోల్చి చూస్తే ఆ తేడా దాదాపు అంతటా నిలబడింది.

ఇక అసలు చెప్పాల్సింది నూన్ సంగతి.

సున్నా చుట్టిన నూన్. హాషియాలో పద్నాలుగు చోట్ల ఉంది. భాభీ పేరు నూన్‌తోనే మొదలవుతుంది. వాడి ఖాలా కూతురే ఆమె, చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషి. ఆ పిల్ల ఒకరోజు ఫోన్లో మెల్లగా అడిగింది. "చాచా, ఆ నూన్ అమ్మీ కదా?"

అవునంటే ఎవరికీ నష్టం లేదు. వాడు రాడు చెప్పడానికి. పిల్ల సంతోషిస్తుంది, భాభీ సిగ్గుపడుతుంది, కథ బాగుంటుంది. నా నోటి దాకా వచ్చింది. "చూసి చెప్తాలే బేటీ" అన్నాను.

పద్నాలుగు చోట్లనీ ఎత్తి రాశాను. నన్నయ అనుకుంటే, నన్నయ ఊసే లేని సంధి పాఠాల్లో ఐదున్నాయి. న-గణం కాదు, గణాల వరసలో ఒక్కటీ లేదు. నోట్ అనుకుందామంటే, పరీక్షకి ముఖ్యమైన చోట్ల వాడు వేరే చుక్క గుర్తు పెట్టుకున్నాడు. అప్పుడు రీఫిల్ రంగు మీద కన్ను పడింది. పద్నాలుగు నూన్‌లూ నీలం. వాటిలో ఆరింటిని తర్వాత నల్ల రీఫిల్‌తో కొట్టేశాడు. కొట్టేసిన ప్రతి చోటా పక్కనే నల్ల అక్షరాల్లో ఒకటి రెండు లైన్ల వివరణ ఉంది. కొట్టెయ్యని ఎనిమిదింటి దగ్గర వివరణ లేదు. ఒక చోట మాత్రం నూన్ పక్కన ప్రశ్న గుర్తు కూడా ఉంది.

అంటే ఆ గుర్తు చేసే పని తెలిసింది. ఇక్కడ ఏదో మిగిలిపోయింది, తర్వాత చూడాలి అని. 'నహీఁ సమ్‌ఝా' కావచ్చు, 'నా-ముకమ్మల్' కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. గుర్తు ఏం పని చేస్తోందో గవాహీ ఉంది, ఏ మాటకి పొట్టిగా పెట్టాడో లేదు. మాతో చదివిన ఇంకో దోస్త్ కర్నూల్లోనే ఉన్నాడు. అడిగితే, "వాడు నూన్ పెట్టేవాడు, గుర్తుంది. ఎందుకో అడగలేదురా" అన్నాడు. భాభీని అడిగితే నవ్వి, "నాకేం తెలుసు భాయ్, ఆ కాపీ నేనిప్పుడే చూడటం" అంది.

ఫైల్ చివర గుర్తుల పట్టిక ఒకటి పెట్టాను. గుర్తు, ఏ ఏ పేజీల్లో ఉంది, నేను ఏమని చదివాను, ఎందుకు, ఎవరు చెప్పారు. నూన్ దగ్గర 'తర్వాత చూసుకోవాల్సిన చోటుకి పెట్టినట్టుంది, ఆరు చోట్ల కొట్టివేత, వివరణ ఉన్నాయి, మాట తెలియదు' అని రాశాను. బేటీకి ఫోన్ చేసి అదే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"అయితే ఎనిమిది చోట్ల అబ్బాకి ఇంకా అర్థం కాలేదన్నమాట" అంది.

"వివరణ రాసుకోలేదు, అంతవరకే మనకి తెలుసు" అన్నాను.

"ఏ పేజీలు, చెప్పండి చాచా."

చెప్పాను. రాసుకుంది. వారం తర్వాత ఒక ఫోటో పంపింది. కాపీ మీద కాదు, ప్రింటు తీసుకున్న నా ఫైల్ మీద, గసడదవాదేశ సంధి పేజీలో నూన్ పక్కన పెన్సిల్‌తో తెలుగులో నాలుగు లైన్లు. కింద తన పేరు మొదటి అక్షరం, తారీఖు వేసింది, వాళ్ల అబ్బా రాసిందని ఎవరూ అనుకోకుండా.